డ్రమ్ము జీవామృతంలో నత్రజని ఎంత? ఒకే లెక్కని మూడు దారుల్లో వేసి చూద్దాం

పైన వీడియోలో బోర్డు మీద నేను వేసిన లెక్క కొంచెం వేగంగా పోయింది, అంకెలు సరిగ్గా కనబడలేదని చాలామంది అన్నారు. అందుకే అదే లెక్కని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ప్రశ్న ఇది. ఎకరం వరికి పదిహేను రోజులకోసారి 200 లీటర్ల జీవామృతం పారిస్తున్నాం. పంట మొత్తానికి దాని ద్వారా వెళ్లే నత్రజని గ్రాముల్లోనా, కిలోల్లోనా, పదుల కిలోల్లోనా? కచ్చితమైన అంకె నాకు అక్కర్లేదు. ఎన్ని అంకెల సంఖ్యో తెలిస్తే చాలు. ఎందుకంటే "ఒక డ్రమ్ము ఒక యూరియా బస్తాతో సమానం" అనే మాట మన వాళ్లలో బాగా తిరుగుతోంది. దాన్ని నమ్మి మిగతావన్నీ మానేసినవాళ్ల చేలు పిలక దశలో పసుపెక్కడం నేను చూశాను.

ముందు మామూలు దారి. డ్రమ్ములో మనం ఏం వేస్తాం? పేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. పచ్చి పేడలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే, అంటే పొడి సరుకు 2 కిలోలు. అందులో నత్రజని ఒకటిన్నర నుంచి రెండు శాతం ఉంటుంది, అంటే 35 గ్రాములు అనుకోండి. మూత్రం లీటరుకి 7 గ్రాముల చొప్పున 70 గ్రాములు. పిండిలో ఐదో వంతు ప్రొటీన్, ప్రొటీన్‌లో ఆరో వంతు నత్రజని, కాబట్టి సుమారు 70 గ్రాములు. బెల్లంలో లెక్కలోకి వచ్చేది ఏమీ లేదు. మొత్తం 175 గ్రాములు. నాలుగు నెలల పంటకి 8 డ్రమ్ములు, అంటే 1,400 గ్రాములు. కిలోన్నరకి కాస్త తక్కువ.

ఇక్కడితో ఆపేస్తే అది ఒక లెక్క, అంతే. నేను తీసుకున్న శాతాల్లో ఏదైనా తప్పయితే? అందుకని ఆ శాతాలు ఒక్కటీ ముట్టుకోకుండా రెండో దారిలో వెళ్దాం. ఈసారి ఆవు నోటి దగ్గర మొదలుపెడదాం.

మూడు వందల కిలోల నాటు ఆవు రోజుకి పొడి లెక్కన ఆరున్నర కిలోల మేత తింటుంది. ఎండుగడ్డి, కాస్త పచ్చగడ్డి, కాస్త తవుడు కలిపితే అందులో ప్రొటీన్ ఏడెనిమిది శాతం. అంటే 490 గ్రాముల ప్రొటీన్, ఆరో వంతు తీస్తే 80 గ్రాముల నత్రజని. పాలివ్వని, బరువు పెరగని ఆవు అయితే లోపలికి వెళ్లిందంతా పేడగానో మూత్రంగానో బయటికి రావాల్సిందే. ఒక డ్రమ్ముకి మనం వాడేది దాదాపు ఒక ఆవు ఒక రోజు ఇచ్చే సరుకు. అంటే 80 గ్రాములు. మొదటి దారిలో పేడకి, మూత్రానికి కలిపి 105 వచ్చింది. దగ్గరగానే ఉన్నాయి కదా! ఒకటి పేడ శాతాల నుంచి వచ్చింది, ఇంకోటి గడ్డి నుంచి వచ్చింది. రెండింటికీ మధ్య అరువు తెచ్చుకున్న అంకె ఏదీ లేదు కాబట్టి ఈ కలయికకి విలువ ఉంది.

పిండి సంగతి మాత్రం అలా కాదు. రెండో దారిలో కూడా ఆ 70 గ్రాములే కలుపుకుంటాం కాబట్టి అది పరీక్షకి నిలబడినట్టు కాదు. దాన్ని విడిగా చూడాలి. పిండి మొత్తం ప్రొటీనే అని ఊహించుకున్నా 2 కిలోలకి 330 గ్రాములు దాటదు. సరే, అక్కడా ప్రమాదం లేదు.

మన వాళ్లు ఎక్కువగా జారిపడే చోటు కూడా ఈ రెండో దారిలోనే బయటపడుతుంది. పేడలో నత్రజని 2 శాతం అని ఎక్కడో చదివి, దాన్ని పచ్చి పేడ బరువు మీద వేస్తారు. 10 కిలోలకి 200 గ్రాములు వచ్చేస్తుంది. ఆ 2 శాతం ఎండిన పేడకి. పచ్చి పేడకి వేస్తే ఐదు రెట్లు తేడా. చూడ్డానికి అంకె బాగానే ఉంటుంది, తప్పని తెలియదు. ఆవుని అడిగితే తెలుస్తుంది. పేడలో 200, మూత్రంలో 70 కలిపి రోజుకి 270 గ్రాములు బయటికి రావాలంటే ఆవు 1.6 కిలోల ప్రొటీన్ తినాలి. ఆరున్నర కిలోల మేతలో అంత ఉండాలంటే మేత నాలుగో వంతు ప్రొటీన్ కావాలి. అంటే రోజూ ఆరున్నర కిలోల మినప్పప్పు మేపాలి. మనమే పండక్కి గానీ గారెలు వండుకోం!

మూడో దారి, మనకి అనుకూలంగా లాగి చూడటం. వారానికో డ్రమ్ము, 16 డ్రమ్ములు. ప్రతి దాంట్లో నేను చెప్పినదానికి రెట్టింపు. 350 గ్రాములు, పదహారు సార్లు: 5,600 గ్రాములు. ఎంత లాగినా ఆరు కిలోలకి చేరడం లేదు.

"సూక్ష్మజీవులు గాలిలోంచి నత్రజని పట్టుకుంటాయి కదా, అది కలపలేదే?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ పనికి వాటికి తిండి కావాలి. అజటోబాక్టర్ లాంటివి గ్రాము చక్కెర తిని 10 నుంచి 20 మిల్లీగ్రాముల నత్రజని కట్టగలవు. డ్రమ్ములో ఉన్న 2 కిలోల బెల్లమంతా వాటికే ఇచ్చినా 20 నుంచి 40 గ్రాములు. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 20 కిలోల పైచిలుకు. మనం డ్రమ్ములో వేసే సరుకంతా కలిపితేనే 24 కిలోలు, అందులో ఎక్కువ నీళ్లే. ఒక డ్రమ్ము ఒక బస్తాతో సమానం అవ్వాలంటే పేడ, మూత్రం, బెల్లం అన్నీ కలిసి దాదాపు నత్రజనిగా మారిపోవాలి.

మరి వరికి కావాల్సింది ఎంత? టన్ను ధాన్యానికి, దాని గడ్డితో కలిపి, 15 నుంచి 20 కిలోల నత్రజని పైరు తీసుకుంటుంది. ఎకరానికి 28 బస్తాలు, అంటే 2,100 కిలోలు పండితే 30 నుంచి 40 కిలోలు. దీన్ని కూడా ఇంకో దారిలో చూశాను. ధాన్యంలో ఏడు శాతం ప్రొటీన్, 147 కిలోలు, ఆరో వంతు 24 కిలోలు. గడ్డి కూడా అంతే బరువు, నాలుగు శాతం ప్రొటీన్, ఆరో వంతు 14 కిలోలు. మొత్తం 38. సరిపోయింది.

ఇటు ఒకటిన్నర, ఎంత లాగినా ఆరు. అటు ముప్పై నుంచి నలభై. అంచనాలు ఎన్ని మార్చినా ఈ రెండూ కలవడం లేదు కాబట్టి ఈ జవాబుని నేను నమ్ముతాను. జీవామృతం ఎరువు కాదు, తోడు లాంటిదని పాలేకర్ గారు మొదటినుంచీ చెబుతున్నదే. తోడు బాగా పనిచేస్తుందా లేదా అన్నది ఈ లెక్క తేల్చదు. పాలు ఎక్కడున్నాయో చూసుకోమని మాత్రం చెబుతుంది.

ఆ పాలు వెతకడానికి మళ్లీ లెక్క వేస్తే కథ మారింది. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 850 టన్నులు. సేంద్రియ కర్బనం అర శాతం ఉంటే 4,250 కిలోల కర్బనం, దానితో 400 కిలోల నత్రజని. అందులో ఏడాదికి ఒకటి నుంచి మూడు శాతం విడుదలవుతుంది: 4 నుంచి 12 కిలోలు. కర్బనం ఒక శాతం ఉంటే 8 నుంచి 24. చూశారా, జీవామృతం విషయంలో ఎంత కదిపినా జవాబు కదల్లేదు. ఇక్కడ రెండు అంకెలు కదిపితే ఆరు రెట్లు ఊగుతోంది. ఇలా ఊగే చోట కాగితం మీద ఇంకా లెక్కలు వేసి లాభం లేదు, పొలంలో కొలవాలి.

మా ఊళ్లో మూడెకరాలు కౌలుకి చేసే కుర్రాడు ఒకడున్నాడు. మే నెలలో చేతిలో ఉన్న కాస్త డబ్బు జీలుగ విత్తనానికి పెట్టాలా, ఇంకో నాలుగు డ్రమ్ములు కొనాలా అన్నది అతని సమస్య.

"బాబాయ్, డ్రమ్ములు పెంచితే రెండోసారి దున్నకం ఖర్చు తప్పుతుంది కదా?" అన్నాడు.

"పెంచుకోరా. ఎన్ని పెంచినా వారానికొకటి కంటే పొయ్యలేవుగా. అప్పుడు కూడా ఆరు కిలోలకి రావు. జీలుగ ఎంత ఇస్తుందో నువ్వే కొలువు."

నలభై ఐదు రోజుల తర్వాత ఒక చదరపు మీటరు కోసి తూచాడు. కిలోన్నర. ఎకరానికి నాలుగు వేల చదరపు మీటర్లు, ఆరు టన్నుల పచ్చిరొట్ట. ఐదో వంతు పొడి, 1,200 కిలోలు. రెండున్నర శాతం చొప్పున 30 కిలోల నత్రజని. ఇదంతా ఈ పంటకే అందదు, కొంత నేలలోనే ఉండిపోతుంది. సగం అనుకుంటే 15. పైగా అందులో కొంత జీలుగ ఆ నేల నుంచే తీసుకున్నది. ఎంత తగ్గించి చూసినా డ్రమ్ముల లెక్కకి ఇది పది రెట్ల దరిదాపుల్లోనే ఉంది. ఇంకోచోట కోసి తూస్తే కిలో రావచ్చు, రెండు రావచ్చు, అందుకే కనీసం మూడు చోట్ల తూచమన్నాను.

నేల ఇచ్చేది కొలవడానికి ఒక సెంటు మడి విడిగా గట్టు కట్టించాను. పక్క మడి నీళ్లు అందులోకి రాకూడదు, వస్తే కొలత పాడైపోతుంది. అందులో రొట్ట లేదు, జీవామృతం లేదు, ఏమీ లేదు. కోతప్పుడు ఆ సెంటులో 9 కిలోల ధాన్యం వచ్చింది. ఎకరానికి 900 కిలోలు, 12 బస్తాలు. టన్నుకి 18 చొప్పున 16 కిలోల నత్రజని. మట్టి లెక్కలో వచ్చిన 4 నుంచి 24 మధ్యలోనే పడింది. కాకపోతే ఈ 16లో వాన, కాలువ నీళ్లు, మడిలో పెరిగే నాచు ఇచ్చింది కూడా కలిసి ఉంది, అది మట్టి ఒక్కదానిదే అనుకోకూడదు. ముందు ఏడాది యూరియా వేసిన నేల అయితే మొదటి పంటలో ఎక్కువ చూపించవచ్చు కూడా, అందుకని రెండో ఏడాది కూడా అదే సెంటు ఉంచుతున్నాడు.

నేల 16, రొట్ట 15, ఘన జీవామృతం రెండు మూడు, డ్రమ్ములు ఒకటిన్నర. కూడితే ముప్పై ఐదు. మిగతా పొలంలో అతనికి ఎకరానికి 26 బస్తాలు పండాయి. ఈ లెక్క 26కి, 30కి మధ్య తేడా పట్టేంత సన్నంది కాదు. 12 వస్తాయా 26 వస్తాయా అన్న తేడాని మాత్రం పట్టగలిగింది. కౌలు కట్టేవాడికి కావాల్సింది కూడా అదే. ఈ ఏడు అతను జీలుగ మూడెకరాల్లోనూ చల్లాడు, డ్రమ్ము మాత్రం పదిహేను రోజులకొకటే.