‘ఓకే’ అన్నాకే మొదలయ్యే వారం

ఫొటో ల్యాబులో అడిగితే ఆల్బమ్ వారం పది రోజుల్లో ఇచ్చేస్తామంటారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ వారం మీరు అడ్వాన్సు కట్టిన రోజున మొదలవదు. పేజీలన్నీ చూసి ‘ఓకే, వేసేయండి’ అన్న రోజున మొదలవుతుంది. అమ్మానాన్నల షష్టిపూర్తికి ఫొటో పుస్తకం చేయిద్దామనుకున్న పిల్లలు బోల్తా పడేది ఇక్కడే.

షష్టిపూర్తి డిసెంబరు 20న తెనాలిలో, ల్యాబేమో హైదరాబాద్‌లో అనుకుందాం. ఏదైనా పేజీ తిరగబడి వస్తే మళ్లీ వేయించుకోవడానికి వీలుండాలి కాబట్టి పుస్తకం 10వ తేదీకే చేతిలో పడాలి. కొరియర్‌కి నాలుగు రోజులు. ప్రింటు, లామినేషన్, బైండింగ్‌కి పది రోజులు. అంటే నవంబరు 26కల్లా మీరు ఓకే చెప్పేయాలి. దానికి ముందు దిద్దుబాట్లకి ఒక వారం, పేజీల డిజైన్‌కి ఒక వారం పోతాయి. ఫొటోలన్నీ నవంబరు 12కి డిజైనర్ దగ్గర ఉండాలి. వాటిని పోగెయ్యడానికి నెల పడుతుంది కనుక అక్టోబరు రెండో వారంలోనైనా మొదలుపెట్టాలి. పైగా కార్తీకంలో పెళ్లి ముహూర్తాలు బాగా ఉంటే, ల్యాబులో మీ పుస్తకం పెళ్లి ఆల్బమ్‌ల వెనక వరసలో నిలబడుతుంది.

ఫొటోలు పోగెయ్యడానికి నెల ఎందుకంటే, అవి ఒకచోట ఉండవు. పెళ్లి ఫొటోలు పెద్దత్తయ్య ఇంట్లో, కాలేజీ గ్రూప్ ఫొటో బాబాయి బీరువాలో ఉంటాయి. అడగ్గానే ఆయన ‘ఇదిగోరా’ అని వాట్సాప్‌లో పంపేస్తాడు. మామూలుగా పంపితే ఆ ఫొటో కుదించుకుపోయి, పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లే మిగులుతాయి. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. ఆ లెక్కన అది అయిదంగుళాల బొమ్మకి సరిపోతుంది. పన్నెండంగుళాల పేజీ నిండా పరిస్తే అంగుళానికి 133 పడి ముఖాలు అలికినట్టు వస్తాయి. ఫోన్ తెర మీద మాత్రం అద్దంలా కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఫొటోని ‘డాక్యుమెంట్’గా పంపమంటే ఉన్నదున్నట్టు వస్తుంది.

పాత ప్రింటుని ఫోన్‌తో ఫొటో తీయడం కన్నా స్కాన్ చేయించడం మేలు. పోస్టుకార్డు సైజు ఫొటోని అసలు సైజుకి రెట్టింపు చేయాలంటే 600 డీపీఐలో స్కాన్ చేయమని చెప్పండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోని గోటితో పీకకండి, పైపొర ఊడొస్తుంది. పేజీ పేజీనే స్కానర్ మీద పెట్టేయొచ్చు. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయినదైతే అద్దంతో సహా స్కాన్ చేయించడమే.

ఇక దిద్దుబాట్లు. డిజైన్ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల తెలుగు అను ఫాంట్లలోనే కొడతారు. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో రాసి పంపినది అందులో నేరుగా అతకదు, ఆపరేటర్ మళ్లీ టైపు చేయాలి. ‘లక్ష్మి’లో మకారం, ‘షష్టిపూర్తి’లో ఒత్తు జారిపోయేది అప్పుడే. ప్రూఫుని ఫోన్‌లో పైపైన చూసి సరేననకుండా పేర్లు, తేదీలు ఉన్న పేజీలని కాగితం మీద తీయించి, ఆ పేర్లు బాగా తెలిసిన ఇంకొకరి చేత చదివించండి. ఫొటోల విషయంలో రెండే చూసుకోవాలి. పుస్తకం మడత మీద ఎవరి ముఖమూ పడకూడదు, అంచుకి ఆనుకుని తలలు ఉండకూడదు. బైండింగ్‌లో అంచులు కత్తిరిస్తారు. రెండు పేజీలు కలిసి పూర్తిగా పరుచుకునే గట్టి కరిజ్మా ఆల్బమ్‌లో మడత బెంగ తక్కువ. మామూలు పుస్తకం బైండింగ్‌లో మడత దగ్గర కొంత బొమ్మ లోపలికి పోతుంది.

ఇదంతా చదివేసరికి వేడుకకి పది రోజులే మిగిలుంటే, నా మాట విని పుస్తకం ఆలోచన మానుకోండి. పేరు చెక్కించిన వస్తువు చూసుకోండి. స్టీలు సామాన్ల కొట్టులో కొన్న బిందె మీద చుక్కల అక్షరాలతో పేరు అప్పటికప్పుడే కొట్టిస్తారు. లేజర్ షాపులో అయితే ఫైల్ సిద్ధం చేశాక చెక్కడం నిమిషాల పనే. అయితే వస్తువుని బట్టి యంత్రం మారుతుంది. చెక్కకీ, యాక్రిలిక్‌కీ సీఓటూ లేజర్ వాడతారు, స్టీలుకీ ఇత్తడికీ ఫైబర్ లేజర్ ఉండాలి. వెండి పూత వేసిన పళ్లెం మీద లోతుగా చెక్కితే పూత లేచిపోయి లోపలి లోహం బయటపడుతుంది. పూత అని తెలిస్తే పళ్లేన్ని ముట్టుకోకుండా విడిగా ఒక ఇత్తడి రేకు మీద చెక్కించి పెట్టెకి బిగించమనండి. కొట్టతను ఎక్కడైనా ఒత్తు తప్పు పెడితే రేకు మార్చేస్తే సరిపోతుంది, పళ్లెం పాడవదు.