నర్సరీ స్టాక్ రిజిస్టర్: చనిపోయిన మొక్కనూ ఎందుకు రాయాలి?

నర్సరీ నడుపుతున్న సంఘ సభ్యులు అమ్మిన మొక్కలు రాసుకుంటారు. చనిపోయినవి మాత్రం చాలాసార్లు రాయరు. తనిఖీలో మొక్కలు తక్కువొస్తే అవి చనిపోయాయో, అమ్ముడయ్యాయో రిజిస్టర్ చూసి చెప్పలేం. అప్పుడు ఆ డబ్బు ఎక్కడని మిమ్మల్నే అడుగుతారు.

ఎలా రాయాలి?

ప్రతి రకానికి, ప్రతి కవర్ సైజుకు వేరే పేజీ పెట్టండి. వయసు దగ్గర "మూడు నెలలు" అని రాయకండి, వచ్చే నెలకు అది తప్పవుతుంది. కవర్లో నాటిన తేదీ రాస్తే వయసు ఎప్పుడైనా లెక్కేసుకోవచ్చు. ఆ పక్కన వచ్చినవి, అమ్మినవి, ధర, చనిపోయినవి, కారణం, మిగిలినవి అని గడులు గీయండి.

ఒక ఉదాహరణ

జూన్ 10న 5x7 అంగుళాల కవర్లలో 500 నిమ్మ నారు మొక్కలు నాటారు అనుకుందాం. ఆగస్టు వానలకు 30 చనిపోయాయి. సెప్టెంబరులో 150 మొక్కల్ని 8x10 కవర్లలోకి మార్చారు. చిన్న కవర్లవి 180 మొక్కలు 20 రూపాయల చొప్పున అమ్మారు, 3,600 వచ్చింది.

5x7 పేజీలో మిగిలినవి: 500 - 30 - 150 - 180 = 140.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది మార్చిన మొక్కల దగ్గరే. ఆ 150 మొక్కల్ని 5x7 పేజీలో తీసేసి, 8x10 పేజీలో "వచ్చినవి" కింద రాయాలి. ఒకచోటే రాస్తే అవే మొక్కలు రెండుసార్లు లెక్కకొస్తాయి, లేదంటే అసలు లెక్కలోనే ఉండవు. నాటిన తేదీ మాత్రం జూన్ 10నే ఉంచండి. మొక్క వయసు కవర్ మార్చినంత మాత్రాన మారదు కదా.

ధర సంగతి

నారు, కవర్, మట్టి, కూలీ కలిపి మొక్కకు 10 రూపాయలైతే మొత్తం ఖర్చు 5,000. బతికినవి 470 కాబట్టి ఒక్కో మొక్కకు దాదాపు 10 రూపాయల 64 పైసలు పడింది. ధర పెట్టేటప్పుడు ఈ లెక్క నుంచే మొదలుపెట్టండి. తర్వాత పెట్టిన నీళ్లు, ఎరువు, పెద్ద కవర్ ఖర్చు దీనికి కలుస్తాయి.

కారణం గడి ఖాళీగా వదలొద్దు

చనిపోయిన మొక్కను పీకి వేరు చూడండి. నల్లబడి, మెత్తగా ఉంటే నీరు నిలిచి వేరు కుళ్లిందని అనుకోవచ్చు. కవర్ కింద చిల్లులు మూసుకుపోయాయేమో చూడండి. వేరు బాగుండి ఆకులు మాడిపోతే ఎండ దెబ్బో, నీటి కొరతో అయి ఉంటుంది. ఒకే బెడ్‌లో వరుసగా మొక్కలు పోతుంటే రిజిస్టర్‌లో అది ముందే కనిపిస్తుంది, మిగతావాటిని కాపాడుకునే వీలుంటుంది.

వారానికోసారి ఇద్దరు సభ్యులు మొక్కలు లెక్కపెట్టి, "మిగిలినవి" గడితో సరిచూసి సంతకం చేయండి. తేడా వస్తే పాత అంకె దిద్దకండి. తేడా ఎంతో, ఎందుకో అదే రోజు కొత్త వరుసలో రాయండి.