5-10 అంటే అక్టోబరు 5 కాదు

ఊళ్లో బడి ఉందా, మంచినీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, తరి ఎంత, మెట్ట ఎంత? జిల్లాకొకటి చొప్పున వచ్చే సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో ఇలాంటి వివరాలు ఊరికొక వరస లెక్కన పట్టికలుగా ఉంటాయి. స్కాన్ చేసిన పాత పుస్తకం బొమ్మగానే ఉంటుంది కాబట్టి అందులో అంకెలు కూడలేం. ఎవరో ఒకరు కూర్చుని టైపు కొట్టాల్సిందే. ఊళ్లను పంచుకుని అందరూ ఒకే షీట్‌లో ఎక్కించే ఒక బృందంలో, కొత్తగా వచ్చినవాళ్ల చేతికి సమన్వయకర్త ముందుగా ఒక సూచనల కాగితం ఇస్తారు. అందులో మొదటి మాట టైపింగు గురించి కాదు, దూరాల గురించి.

1981, 1991 పుస్తకాల్లో ఊళ్లో లేని సౌకర్యానికి ఎదురుగా, అది ఎంత దూరంలో దొరుకుతుందో వేస్తారు. ఐదు కిలోమీటర్ల లోపైతే -5, ఐదు నుంచి పది మధ్యనైతే 5-10, ఆపైన 10+. మనిషికి ఇందులో తికమక లేదు. షీట్‌కు మాత్రం 5-10 తేదీలా కనబడుతుంది. కొట్టి ఎంటర్ నొక్కగానే అక్టోబరు 5గానో మే 10గానో మార్చేసుకుంటుంది. -5ను మైనస్ ఐదనుకుంటుంది. అందుకే ఒక్క అక్షరం కొట్టకముందే సౌకర్యాల నిలువు వరసలన్నీ ఎంచుకుని Format, Number, Plain text నొక్కమని కాగితం చెబుతుంది. సున్నాతో మొదలయ్యే ఊరి కోడ్‌కూ ఇదే మందు, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

అలాగని షీటంతా టెక్స్ట్ చేయకూడదు. భూమి లెక్కల వరసలు అంకెలుగానే ఉండాలి, ఎందుకంటే తప్పు పట్టిచ్చేది అవే. ఊరి మొత్తం విస్తీర్ణం ఐదు భాగాలుగా ఉంటుంది: అడవి, నీటి వసతి ఉన్న సాగు, వర్షాధార సాగు, సాగుకు పనికొచ్చే బీడు, సాగుకు దొరకని నేల. ఈ ఐదూ కలిపితే మొత్తం రావాలి. మొత్తం C వరసలో, భాగాలు D నుంచి H దాకా ఉన్నాయనుకుంటే, పక్క గడిలో పెట్టాల్సింది ఇంతే:

```
=C2-SUM(D2:H2)
```

సున్నా వస్తే ముందుకు పోవచ్చు. దశాంశాలున్న పట్టికలో పైసల పాటి తేడా వస్తే అది అచ్చులో సవరించిన అంకెల వల్ల, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మొత్తం విస్తీర్ణమే తిరిగి వచ్చిందంటే భాగాల వరసలు పొరపాటున టెక్స్ట్ అయిపోయాయని అర్థం. SUM టెక్స్ట్‌ను లెక్కలోకి తీసుకోదు మరి.

ఒక ఊహాలెక్క చూద్దాం. మొత్తం 846 హెక్టార్లు. అడవి 0, నీటి సాగు 215, వర్షాధారం 483, బీడు 57, సాగుకు దొరకనిది 136 అని ఒకరు కొట్టారు. పక్క గడిలో -45 వచ్చింది. అంటే భాగాల మొత్తం 45 ఎక్కువైంది. తేడా తొమ్మిదితో తెగిందంటే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. 45ను తొమ్మిదితో భాగిస్తే 5. చివరి రెండంకెల మధ్య ఐదు తేడా ఉన్నది ఈ వరసలో 483 ఒక్కటే. స్కాన్‌లో చూస్తే 438. పేజీ అంతా తిరగేసే పని తప్పింది. తేడా తొమ్మిదితో తెగకపోతే, మసకబారిన అచ్చులో 3ను 8గానో 1ని 7గానో చదివి ఉండొచ్చు.

ఇంకో చిక్కు, పట్టిక ఎదురెదురు పేజీల మీద పరుచుకుని ఉండటం. స్కాన్ కాస్త వాలిందంటే కుడి పేజీలో చూపు ఒక వరస కిందికి జారి, ఒక ఊరి సాగు పక్క ఊరికి పడుతుంది. కుడి పేజీలో మొత్తం, భాగాలు కలిసే జారితే కూడిక కూడా సరిపోతుంది! కాబట్టి ఎడమ పేజీ వరస సంఖ్యకూ కుడి పేజీలోని సంఖ్యకూ పొత్తు కుదిరిందో లేదో చూసుకుంటూ పోవాలి. జనం లేని ఊళ్ల దగ్గరే ఈ జారుడు ఎక్కువ, అక్కడ సగం వరస ఖాళీగా ఉంటుంది కనుక. అలాంటి ఊరిని వదిలేయకూడదు. భూమి లెక్క ఎక్కించి, జనాభా గడి ఖాళీగా ఉంచి, గమనికలో ఆ సంగతి రాయాలి.

అచ్చే తప్పయితే? దాన్ని దిద్దొద్దంటుంది కాగితం. నాకు నచ్చిన నిబంధన ఇదే. ఉన్నది ఉన్నట్టు కొట్టి, తేడా ఎంతో గమనికల్లో రాయాలి. ఊరి పేరు పాత స్పెల్లింగులో ఉన్నా, ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నా అంతే.

ఇన్ని కట్టుదిట్టాలున్నా మగవాళ్ల సంఖ్యను ఆడవాళ్ల గడిలో, ఆడవాళ్లది మగవాళ్ల గడిలో కొడితే ఏ కూడికా పట్టుకోదు. అందుకని జనాభా వరసలను ఇంకొకరు మొదటివారి షీట్ చూడకుండా మళ్లీ కొడతారు. రెండూ పక్కపక్కన పెట్టి, కలవని గడుల కోసం మాత్రమే మూడోవారు స్కాన్ తెరుస్తారు.