రాలేకపోతున్నాను బాబాయ్

మా వీధి కుర్రాడొకడు పుణెలో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. బాబాయి కూతురి పెళ్ళికి సెలవు దొరకలేదు. పంపబోయే జాబు ముందుగా నాకు చూపించాడు.

"గౌరవనీయులైన బాబాయి గారికి, మీ ఆహ్వానానికి ధన్యవాదాలు. మీ అమ్మాయి పెళ్ళికి నేను వీలు కావడం లేదు కాబట్టి హాజరు కాలేను. శిక్షణ తరగతులు ఉంది. అసౌకర్యానికి చింతిస్తున్నాను. వధూవరులకు నా ఆశీస్సులు."

వ్యాకరణం తప్పులు రెండే. వీలు కావడం, కాకపోవడం "నాకు" జరుగుతాయి గానీ "నేను" వీలు కాను. తరగతులు బహువచనం కనుక "ఉన్నాయి" అనాలి. ఈ రెండూ దిద్దినా జాబు చల్లగానే ఉంటుంది.

అసలు దెబ్బ "మీ అమ్మాయి" దగ్గర తగులుతుంది. బాబాయి కూతురు వరసకు చెల్లెలు. ఆ పిల్లను "మీ అమ్మాయి" అన్న క్షణంలోనే రాసినవాడు పొరుగువాడైపోయాడు. "చెల్లి పెళ్ళి" అంటే చాలు, మళ్ళీ ఇంట్లోవాడవుతాడు. ధన్యవాదాలూ అంతే. సొంత బాబాయి శుభలేఖ పంపితే సంతోషం చెప్పుకుంటాం, కృతజ్ఞత కాదు. హాజరు బడికీ కోర్టుకూ సంబంధించిన మాట. అసౌకర్యానికి చింతించడం రైల్వే స్టేషన్లో వినబడేది.

రాననే మాట చెప్పడానికి తెలుగులో మెట్లున్నాయి. "రాను" అంటే ఇష్టం లేదని. "రాలేను" అంటే తలుపు మూసేసినట్టు. "రాలేకపోతున్నాను" అన్నప్పుడే రావాలన్న కోరిక ఇంకా మిగిలి ఉన్నట్టు వినబడుతుంది. పెళ్ళికి రాలేనివాడు వాడాల్సింది ఇదే.

ఇక ఆశీస్సులు. అన్నగా చెల్లికి ఇవ్వవచ్చు. కానీ పెళ్ళికొడుకు ఇతనికన్నా పెద్దవాడట. పెద్దవాళ్ళకు ఆశీస్సులు పంపరు, శుభాకాంక్షలు చెబుతారు.

చదివింపుల డబ్బు పంపుతున్నానని రాయనా అని అడిగాడు. వద్దన్నాను. రాలేకపోతున్నానన్న మాట పక్కన డబ్బు మాట పడితే రాకపోవడానికి పరిహారంలా ఉంటుంది. అది అమ్మ చేతికిస్తే సరిపోతుంది. కారణం కూడా ఒక్కటే, ఒక్కసారే చెప్పాలి. రెండో కారణం రాస్తే మొదటిదాన్నీ నమ్మరు.

ఇద్దరం కూర్చుని మళ్ళీ రాశాం.

"బాబాయికి, పిన్నికి నమస్కారాలు. శుభలేఖ అందింది. చెల్లి పేరు అచ్చులో చూసి ఎంతో సంతోషం కలిగింది. ఆ రోజు మీ పక్కన నిలబడి వచ్చినవాళ్ళను పలకరించాల్సినవాణ్ణి, రాలేకపోతున్నాను బాబాయ్. శిక్షణ తరగతులు ఉన్నాయి, అవి అయ్యేదాకా సెలవు దొరకదు. అమ్మా నాన్నా రెండు రోజుల ముందే వస్తారు. పదహారు రోజుల పండుగకు నేను తప్పక వస్తాను. చెల్లికి నా ఆశీస్సులు, బావగారికి శుభాకాంక్షలు."

"బాబాయి గారికి"లోని "గారు"ను అతనే కొట్టేశాడు. చిన్నప్పటినుంచీ ఎన్నడూ అలా పిలవలేదట. జాబు పంపేముందు ఒకసారి ఫోన్ చేసి నోటితో కూడా చెప్పమన్నాను. అప్పటికే నంబరు నొక్కుతున్నాడు.