ఆర్పి చూస్తే తెలిసేవి

జంతుకణంలో కేంద్రకాన్ని చుట్టి ఉండే పొరలో లామిన్ బి రిసెప్టర్ అనే ప్రొటీన్ ఒకటి కుదురుకుని ఉంటుంది. అది పుట్టేది అక్కడ కాదు, అంతర్జీవద్రవ్య జాలకంలో. జాలకం పొరా కేంద్రకం పొరా తెగకుండా కలిసే ఉంటాయి కాబట్టి, ప్రొటీన్ పొర వెంబడే జారుకుంటూ అటూ ఇటూ పోవచ్చు. దారి రెండు వైపులా తెరిచే ఉన్నప్పుడు అది కేంద్రకం దగ్గరే ఎందుకు పోగవుతోంది? 1997లో అమెరికాలోని బెథెస్డాలో, ఎన్‌ఐహెచ్ ప్రయోగశాలలో, యాన్ ఎలెన్‌బర్గ్, జెన్నిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్, వారి సహచరులు ఈ ప్రశ్నకు బతికున్న కణంలోనే జవాబు వెతికారు. జాలకంలో ఉన్నంతసేపూ ఆ ప్రొటీన్ చలాకీగా తిరుగుతోంది. కేంద్రకం పొరకు చేరాక మాత్రం కదలడం లేదు. కణం విభజన చెందే వేళ కేంద్రకం పొర విడిపోగానే మళ్లీ జాలకంలో కలిసి తిరగడం మొదలుపెడుతోంది. అంటే కేంద్రకం దగ్గర ఏదో దాన్ని పట్టి ఉంచుతోంది.

ఒక్కో అణువునూ వెంబడించి తెలుసుకున్న సంగతి కాదిది. వెలుగును ఆర్పి, అది మళ్లీ ఎలా వస్తుందో చూసి తెలుసుకున్నది. ఈ పద్ధతి పేరు ఫ్రాప్. దీని లెక్కలను 1976లో డేనియల్ ఆక్సెల్‌రాడ్, వాట్ వెబ్, వారి తోటివారు స్థిరపరిచారు. జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ వెలుగు ప్రొటీన్ జీఎఫ్‌పీ అందుబాటులోకి వచ్చాక, అంటే 1990ల తర్వాత, ఇది జీవశాస్త్ర ప్రయోగశాలల్లో మామూలు పని అయింది.

మనకు కావలసిన ప్రొటీన్ జన్యువుకు జీఎఫ్‌పీ జన్యువును అతికించి కణంలోకి పంపిస్తారు. కణం తయారుచేసే ప్రొటీన్ తోకకు దీపం కట్టుకుని పుడుతుంది. కాన్ఫోకల్ మైక్రోస్కోపు కింద ముందు తక్కువ లేజర్ కాంతితో కొన్ని ఫొటోలు తీసుకుంటారు. తర్వాత ఒక మైక్రోమీటర్ వ్యాసార్ధం ఉన్న చిన్న వృత్తం మీద లేజర్‌ను పూర్తి బలంతో క్షణకాలం కొడతారు. అక్కడి జీఎఫ్‌పీలు రసాయనికంగా పాడైపోతాయి, ఇక వెలగవు. ప్రొటీన్లు మాత్రం బాగానే ఉంటాయి. వెంటనే మళ్లీ తక్కువ కాంతితో వరసగా ఫొటోలు తీస్తూ, ఆ చీకటి వృత్తంలో వెలుగు ఎంత తిరిగి వచ్చిందో కొలుస్తారు.

తిరిగి వచ్చిన వెలుగు పాత దీపాలది కాదు. చీకటి ప్రొటీన్లు బయటికి పోయి, వెలుగుతున్నవి లోపలికి వచ్చాయి. తిరునాళ్లలో దీపాలు పట్టుకున్న జనం మధ్య ఒక మూల దీపాలన్నీ ఆర్పేశామనుకోండి. జనం తిరుగుతుంటే ఆ మూల మళ్లీ వెలుగుతుంది, అందరూ కూర్చునే ఉంటే చీకటిగానే ఉంటుంది. ఫ్రాప్ గ్రాఫ్ చెప్పేది ఇంతే.

ఇప్పుడు అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు. ఆర్పకముందు వృత్తంలో వెలుగు 100. ఆర్పిన వెంటనే 20. తర్వాత గీత మొదట నిటారుగా లేచి, మెల్లగా వంగి, 84 దగ్గర సమంగా సాగింది. ఇందులో చూడాల్సినవి రెండు. ఒకటి, ఎంత ఎత్తుకు చేరింది. పోయిన వెలుగు 80, తిరిగొచ్చింది 64, అంటే 80 శాతం. కదిలే ప్రొటీన్ల వాటా ఇది. మిగతా 20 శాతం మనం చూసినంతసేపూ కదల్లేదు. రెండోది, ఎంత వేగంగా చేరింది. తిరిగొచ్చిన 64లో సగం, అంటే 32 వచ్చేసరికి గీత 52 దగ్గర ఉంటుంది. అక్కడికి పట్టిన సమయమే అర్ధకాలం. అది 0.56 సెకన్లు అనుకుందాం. ప్రొటీన్ ఊరికే వ్యాపిస్తోంటే దాని వ్యాపన గుణకం ఇలా వస్తుంది:

D = 0.224 × w² / t½

ఇందులో w వృత్తం వ్యాసార్ధం, t½ అర్ధకాలం. ఒక మైక్రోమీటర్ వృత్తానికి జవాబు సెకనుకు 0.4 చదరపు మైక్రోమీటర్లు. పైన చెప్పిన లామిన్ బి రిసెప్టర్‌కు జాలకం పొరలో వచ్చిన విలువ కూడా దాదాపు ఇంతే. కణద్రవంలో ఒంటరిగా తిరిగే జీఎఫ్‌పీ దీనికంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. పొరలో ఇరుక్కుని జారేదానికి ఆ నెమ్మదితనం సహజమే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగకూడదు. ఆ 20 శాతం నిజంగా కదలనిదేనా? లేజర్ కొట్టినప్పుడు కణం మొత్తంలోని వెలుగులో పదో వంతు చచ్చిపోయి ఉంటే, ప్రొటీన్లన్నీ హాయిగా తిరుగుతున్నా గీత 90 దాటదు, ఎందుకంటే మిగిలిన వెలుగే అంత. కాబట్టి అదే ఫొటోల్లో కణం మొత్తం వెలుగును కూడా కొలిచి, దానితో భాగించాలి. అలా చేస్తే 84 కాస్తా 93 అవుతుంది, మొదటి 20 కూడా 22 అవుతుంది. కదిలే వాటా 91 శాతానికి చేరుతుంది. కదలనిదనుకున్న 20 శాతంలో సగానికి పైగా లెక్క తప్పు వల్ల పుట్టిందన్నమాట. ఫొటోలు తీసే తక్కువ కాంతి కూడా కొంత వెలుగును తినేస్తుంది. ఆ నష్టానికీ మందు ఇదే భాగహారం. ఈ సవరణ చెప్పకుండా కదలని వాటా ఇంత అని రాసిన పత్రాన్ని నేనైతే అనుమానంగానే చదువుతాను.

ఇంకో చిక్కు ఉంది. గీత నెమ్మదిగా లేచిందంటే ప్రొటీన్ నెమ్మదిగా ఈదుతోందా, లేక వేగంగానే ఈదుతూ మధ్యమధ్య దేనికో అతుక్కుని ఆగుతోందా? ఒక్క గీతను ఎంత తదేకంగా చూసినా ఇది తేలదు. వృత్తం సైజు మార్చి చూడాలి. ఉత్త వ్యాపనమే అయితే వ్యాసార్ధం రెట్టింపు చేసినప్పుడు అర్ధకాలం నాలుగు రెట్లవుతుంది, మన 0.56 సెకన్లు 2.24 అవుతాయి. అతుక్కోవడమే ఆలస్యానికి కారణమైతే, చిన్న వృత్తానికీ పెద్ద వృత్తానికీ దాదాపు ఒకే సమయం పడుతుంది. విడిపోవడానికి పట్టే కాలానికి మనం గీసిన వృత్తంతో పని లేదు కదా.

సరే, అతుక్కుందని తేలింది. ఎవరికి అతుక్కుంది? ఫ్రాప్ ఆ మాట చెప్పలేదు. కేంద్రకం లోపలి వైపున లామిన్లు ఉన్నాయి, క్రోమాటిన్ ఉంది. రెండు ప్రొటీన్లకు రెండు రంగులు వేసి చూస్తే రెండూ ఒకే చోట కనబడతాయి. కానీ మామూలు కాంతి మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు, ప్రొటీన్లేమో కొద్ది నానోమీటర్ల వస్తువులు. ఒకే మచ్చలో కనబడే రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి తాకకపోవచ్చు. ఇక్కడ ఫ్రెట్ అవసరమవుతుంది.

ఫ్రెట్‌లో రెండు దీపాలు కావాలి. నీలిపచ్చ వెలుగిచ్చే సీఎఫ్‌పీ ఒక ప్రొటీన్‌కు, పసుపు వెలుగిచ్చే వైఎఫ్‌పీ ఇంకో ప్రొటీన్‌కు. సీఎఫ్‌పీ మీద కాంతి వేస్తే అది నీలిపచ్చగా వెలగాలి. వైఎఫ్‌పీ చాలా దగ్గరగా ఉంటే మాత్రం, సీఎఫ్‌పీ తన శక్తిని వెలుగుగా బయటికి వదలకముందే దానికి అందించేస్తుంది. నీలిపచ్చ తగ్గి పసుపు పెరుగుతుంది. ఇది ఎంత దూరంలో జరుగుతుందో జర్మన్ శాస్త్రవేత్త థియొడార్ ఫోర్‌స్టర్ 1940లలోనే లెక్కగట్టాడు. బదిలీ దూరం ఆరో ఘాతం మీద ఆధారపడుతుంది. ఈ జంటకు సగం శక్తి బదిలీ అయ్యే దూరం దాదాపు 4.9 నానోమీటర్లు. దూరం అందులో సగమైతే 98 శాతం బదిలీ అవుతుంది, రెట్టింపైతే 2 శాతం కూడా కాదు.

బదిలీని కొలవడానికి ఉన్న తేలికైన దారి మళ్లీ ఆర్పడమే. ఈసారి పసుపు దీపాన్ని లేజర్‌తో ఆర్పి, నీలిపచ్చను గమనిస్తారు. శక్తిని తీసుకునేవాడు పోయాడు కాబట్టి నీలిపచ్చ వెలుగు పెరగాలి. 80 ఉన్నది 100 అయితే, బదిలీ 20 శాతం. సూత్రంలో వేస్తే దూరం 6.2 నానోమీటర్లు అని వస్తుంది. ఆ అంకెను నమ్మవద్దు. ప్రతి జంటా 6.2 నానోమీటర్ల దూరంలో ఉన్నా 20 శాతమే వస్తుంది. నూటికి 40 సీఎఫ్‌పీలు మాత్రమే జతకట్టి, 4.9 నానోమీటర్ల దూరంలో ఉండి, మిగతా 60 ఒంటరిగా తిరుగుతున్నా 20 శాతమే వస్తుంది. సగటు అంకెలో ఈ రెండు కథలూ ఒకేలా కనబడతాయి.

బదిలీ సున్నా వచ్చినా ప్రొటీన్లు కలవలేదని అర్థం కాదు. దీపమే 4 నానోమీటర్ల పొడవున్న పీపా. రెండు ప్రొటీన్లు తలలు కలిపి, దీపాలు చెరో చివరా ఉంటే బదిలీ జరగదు. కణంలో ప్రొటీన్ విపరీతంగా తయారై కిక్కిరిసిపోతే, ఏ బంధమూ లేకుండానే కొంత బదిలీ కనబడుతుంది. అందుకే జతకట్టే చోటును చెడగొట్టిన ప్రొటీన్‌తో, అంతే మోతాదులో, ఇంకోసారి చేసి చూడాలి.

కాలంతో మారే ఫ్రెట్ గీతలు వేరే రకం. 1997లోనే అత్సుషి మియావాకి, రోజర్ షెన్ బృందం రెండు దీపాలనూ ఒకే అణువుకు కట్టి, మధ్యలో కాల్షియంను పట్టుకునే కాల్‌మాడ్యులిన్‌ను పెట్టింది. కాల్షియం పెరిగితే అణువు ముడుచుకుని దీపాలు దగ్గరవుతాయి. ఇలాంటి గ్రాఫ్‌లో నేను ముందు చూసేది పసుపును నీలిపచ్చతో భాగించిన నిష్పత్తిని కాదు, విడివిడి గీతలను. నిజమైన ఫ్రెట్ అయితే ఒకటి దిగుతుంటే ఇంకోటి లేస్తుంది, అద్దంలో బొమ్మలా. రెండూ కలిసి దిగితే కణం కదిలిందో, ఫోకస్ తప్పిందో. నీలిపచ్చ మెల్లగా పెరుగుతూ పసుపు మెల్లగా తగ్గుతూ, మందు వేయకముందు నుంచే ఒకే వాలులో సాగుతోంటే, పసుపు దీపాలు ఫొటోల కాంతికే ఆరిపోతున్నాయి. కాల్షియం తగ్గిందని రాయడానికి అది చాలదు.

బతికున్న కణంలో ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. ఫ్రెట్ కోసం ఒక చిన్న వృత్తంలో పసుపును ఆర్పామనుకోండి. నీలిపచ్చను కొలిచేలోపు బయటి నుంచి వెలుగుతున్న పసుపు ప్రొటీన్లు వచ్చేస్తాయి. ఇది మనం కోరని ఫ్రాప్. 0.56 సెకన్ల అర్ధకాలం ఉన్న ప్రొటీన్‌కు ఒక్క సెకను ఆలస్యమైనా పసుపు సగానికి పైగా తిరిగొచ్చి, 20 శాతం ఉండాల్సిన బదిలీ చాలా తక్కువగా తేలుతుంది. కణాన్ని రసాయనంతో బిగించేస్తే ఈ బాధ ఉండదు, కానీ అప్పుడది బతికున్న కణం కాదు. కణం మొత్తంలో పసుపును ఆర్పవచ్చు, అలా ఆర్పితే ఆ కణంలో ప్రయోగం ఒక్కసారితో సరి.

అందుకే వీలున్న చోట ఆర్పడం మానేసి, నీలిపచ్చ దీపం వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తారు. ఇప్పుడు వాడే ఎం-టర్క్వాయిజ్2 అనే నీలిపచ్చ ప్రొటీన్‌కు ఈ కాలం దాదాపు 4 నానోసెకన్లు. 50 శాతం బదిలీ జరిగే జంటలో అది 2కి పడిపోతుంది. కణంలో 40 శాతం జతకట్టి, 60 శాతం ఒంటరిగా ఉంటే, వెలుగు తగ్గే గీతలో 2, 4 నానోసెకన్ల వాటాలు రెండూ కలిసి ఉంటాయి. ఫొటాన్లు తగినన్ని పోగైతే వాటిని విడదీయవచ్చు. సగటు 20 శాతంలో కలిసిపోయిన ఆ రెండు కథలు ఇక్కడ వేరవుతాయి. వచ్చిన చిక్కల్లా ఫొటాన్లు పోగవడానికి పట్టే సమయమే. ఆలోగా కణం ఊరికే కూర్చోదు.