సగం లోడుకు, సగం వేడికి

1879లో అమెరికాలోని మెన్లో పార్క్ ప్రయోగశాల నుంచి ఒక కబురు బయటికొచ్చింది. థామస్ ఎడిసన్, ఆయన దగ్గర లెక్కలు చూసే ఫ్రాన్సిస్ అప్టన్ కలిసి కొత్త డైనమో కట్టారు. అందులో పుట్టే విద్యుత్తులో దాదాపు 90 శాతం బయటి దీపాలకే చేరుతుందన్నారు. ఆ రంగం తెలిసినవాళ్లలో చాలామంది నమ్మలేదు. డైనమో ఎంత గొప్పదైనా సగానికి మించి బయటికివ్వలేదని అప్పటికి గట్టిగా స్థిరపడిన అభిప్రాయం. దానికి ఆధారంగా వాళ్లు చూపించింది జాకోబీ సూత్రం.

మోరిట్జ్ జాకోబీ సామాన్యుడు కాడు. 1838లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బ్యాటరీలతో, విద్యుత్ మోటారుతో నెవా నది మీద పడవ నడిపించినవాడు. ఉన్న బ్యాటరీ నుంచి మోటారుకు ఎక్కువ పని ఎలా రాబట్టాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. ఆయన చెప్పిన జవాబులో తప్పేమీ లేదు. చదివినవాళ్లు దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా పట్టుకోవడంతో చిక్కు మొదలైంది.

ఆ సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక బ్యాటరీ తీసుకుందాం. ఏమీ తగిలించనప్పుడు దాని వోల్టేజీ 12. ఏ బ్యాటరీకైనా లోపల కొంత నిరోధం ఉంటుంది, దాన్ని అంతర్గత నిరోధం అంటారు. లెక్క తేలికగా ఉండేందుకు దీనికి 1 ఓము అనుకుందాం. ఇక బయట ఏది తగిలించినా, ప్రవహించే ప్రతి ఆంపియరుకూ 1 వోల్టు బ్యాటరీ లోపలే ఖర్చయిపోతుంది. 2 ఆంపియర్లు లాగితే బయటికి 10 వోల్టులు, 5 లాగితే 7 వోల్టులు వస్తాయి. అంటే మన బ్యాటరీలో లోడు దగ్గరి వోల్టులు, ఆంపియర్లు కలిపితే ఎప్పుడూ 12 అవుతాయి.

లోడుకు అందే పవర్ ఈ రెండు అంకెల లబ్ధం. 10ని 2తో గుణిస్తే 20 వాట్లు. 8ని 4తో గుణిస్తే 32. 7ని 5తో గుణిస్తే 35. 6ని 6తో గుణిస్తే 36. అక్కడితో ఎక్కడం అయిపోయింది. ఇంకా ఎక్కువ లాగి 8 ఆంపియర్లు చేస్తే వోల్టులు 4కి పడిపోతాయి, పవర్ మళ్లీ 32కి దిగుతుంది. మొత్తం మారని రెండు అంకెల లబ్ధం, ఆ రెండూ సమానమైనప్పుడే గరిష్ఠం. 6 ఆంపియర్లకు 6 వోల్టులంటే లోడు నిరోధం 1 ఓము, సరిగ్గా అంతర్గత నిరోధమంత. గరిష్ఠ పవర్ బదిలీ సిద్ధాంతం చెప్పేది ఇదే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆ 6 ఆంపియర్లు లోడులో ఎలా పారుతున్నాయో బ్యాటరీ లోపలి 1 ఓములోనూ అలాగే పారుతున్నాయి. అక్కడా 36 వాట్లే, కాకపోతే అదంతా వేడి. బ్యాటరీ మొత్తం 72 వాట్లు వెచ్చిస్తే మనకు దక్కింది సగం. నిరోధాలు సమానమైతే వోల్టేజీ సమానంగా పంచుకుంటుంది, వోల్టేజీ పంపకమే పవర్ పంపకం. అందుకే గరిష్ఠ పవర్ దగ్గర దక్షత 50 శాతం దాటే వీల్లేదు.

అదే బ్యాటరీకి 9 ఓముల లోడు పెడితే 1.2 ఆంపియర్లు పారతాయి. లోడుకు దాదాపు 13 వాట్లు, లోపల పోయేది ఒకటిన్నర వాటు కన్నా తక్కువ. దక్షత 90 శాతం. పవర్ మూడోవంతుకు తగ్గింది కానీ, వెచ్చించినదాంట్లో పదోవంతే వృథా అయింది. ఎంత వస్తుంది, ఎంత మిగులుతుంది అన్నవి రెండు వేరు ప్రశ్నలు. నా ఉద్దేశంలో పాఠ్యపుస్తకాలు ఈ తేడాను ఒక్క వాక్యంతో దాటేయడం వల్లే చాలామంది విద్యార్థులు '50 శాతం' అన్న అంకెను బట్టీపట్టి, అది ఎక్కడ వర్తిస్తుందో తెలియకుండా మిగిలిపోతున్నారు.

ఎడిసన్, అప్టన్‌ల దగ్గర ఈ తికమక లేదు. జాకోబీ లెక్కలో అంతర్గత నిరోధం మార్చలేనిది, మార్చగలిగేది లోడును మాత్రమే. డైనమో కట్టేవాడి చేతిలో లోపలి తీగ కూడా ఉంది కదా. దాన్ని లావుగా చేస్తే లోపలి నిరోధం తగ్గుతుంది. అది ఎంత తగ్గితే అంత మంచిది, సమానం చేయాల్సిన పనే లేదు. ఉదాహరణకు ఆ కాలపు దీపం ఒక్కోదానికి 140 ఓములనుకుంటే, వందింటిని సమాంతరంగా కలిపితే మొత్తం 1.4 ఓములు. డైనమో లోపలా 1.4 ఓములుంటే కాల్చిన బొగ్గులో సగం ఫలితం యంత్రాన్ని వేడెక్కించడానికే పోతుంది. లోపల 0.14 ఓము ఉంటే 91 శాతం దీపాలకు చేరుతుంది. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రంలో పెట్టిన భారీ డైనమోల ఆర్మేచర్లలో తీగలకు బదులు రాగి కడ్డీలే వాడారు.

మన ఇళ్లకు వచ్చే కరెంటుదీ అదే దారి. ట్రాన్స్‌ఫార్మర్, తీగల నిరోధం మన లోడుతో సమానమైతే 230 వోల్టులు 115కి పడిపోతాయి. బావి దగ్గర మోటారు వేయగానే ఇంట్లో బల్బు కాస్త మసకబారడం ఆ దిశలో వేసిన చిన్న అడుగే. దాన్నే మనం లో వోల్టేజీ అని తిట్టుకుంటాం.

మరి సమానం చేయడం ఎక్కడ పనికొస్తుంది? ఖర్చు లెక్క లేని చోట, దొరికేదే అతి తక్కువ ఉన్న చోట. యాంటెన్నా పట్టుకునే సిగ్నల్‌కు మనం డబ్బు కట్టడం లేదు, రాబట్టగలిగినంత రాబట్టాలి. టీవీ యాంటెన్నా, కేబుల్, సెట్టు అన్నీ 75 ఓములకు సరిపడేలా చేయడంలో ఇదొక కారణం. కేబుల్‌లో సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా చూడడం మరో కారణం. పాటల యాంప్లిఫయరుకు మాత్రం ఇది వర్తించదు. స్పీకరు మీద 8 ఓములని రాసి ఉన్నంత మాత్రాన యాంప్లిఫయరు లోపల కూడా 8 ఓములు ఉండవు. ఈ కాలపు యాంప్లిఫయర్లలో అది సాధారణంగా ఓములో చిన్న భాగమే. సోలార్ పలకకు గరిష్ఠ పవర్ బిందువు ఉంది కానీ, అది మన బ్యాటరీలా సరళరేఖలో నడవదు. ఆ బిందువు సగం వోల్టేజీ దగ్గర కాక, ఖాళీ వోల్టేజీలో సుమారు 80 శాతం దగ్గర ఉంటుంది.

లోడు దగ్గర వోల్టేజీ సగానికి పడిందంటే రెండు నిరోధాలూ సమానమైనట్టు గుర్తు. దీన్ని చూడాలన్న ఆసక్తితో ఇన్వర్టర్ బ్యాటరీ, కారు బ్యాటరీ, లిథియం సెల్ మీద ప్రయోగం చేయకండి. కారు బ్యాటరీ అంతర్గత నిరోధం ఓములో నూరోవంతు అనుకున్నా, సగం వోల్టేజీ దగ్గర 600 ఆంపియర్లు పారతాయి, 3,600 వాట్లు బ్యాటరీ పొట్టలోనే వేడవుతాయి. టార్చిలైటు సెల్ చాలు. ఖాళీగా 1.5 వోల్టులు చూపిన పాత సెల్, 10 ఓముల నిరోధకం తగిలిస్తే 1.4 చూపిందనుకోండి. పారుతున్నది 0.14 ఆంపియరు, లోపల పోయింది 0.1 వోల్టు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.7 ఓము, అదే దాని అంతర్గత నిరోధం. కొత్త సెల్‌తోనూ ఇదే కొలిచి పోల్చి చూడండి.