నలభై రెండు రోజులంటే లేటా?

భద్రాచలం నుంచి అడవి వైపు వెళ్తే ఐటీడీఏ నడిపే ఆశ్రమ పాఠశాలలు వరసగా కనిపిస్తాయి. వాటిలో చదివే అమ్మాయిల్లో చాలామంది కోయ పిల్లలు. చిన్నప్పుడే హాస్టల్‌కి వచ్చేస్తారు కాబట్టి మొదటి పీరియడ్ చాలామందికి అమ్మ పక్కన లేనప్పుడే వస్తుంది. అలాంటి ఒక స్కూల్లో హెల్త్ ఎడ్యుకేటర్ మేడమ్ ఎనిమిది, తొమ్మిది, పదో తరగతి అమ్మాయిలతో మాట్లాడుతుంటే, వాలంటీర్‌గా వెళ్ళిన నేను వెనక బెంచీలో కూర్చుని నోట్స్ రాసుకున్నాను. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి. లెక్క ప్రకారం నేనూ ఇంకా అందులోనే ఉన్నా!

మేడమ్ ముందు పాఠం చెప్పలేదు. పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాయమన్నారు. ఒక చీటీలో ఇలా ఉంది: "మా అక్కకి నెల నెలా వస్తది. నాకు ఒకసారి నెలన్నరకి, ఒకసారి పదిహేను రోజులకే వస్తది. నాకేమన్నా రోగమా?" కింద తేదీలు కూడా ఉన్నాయి. జూన్ 14, జూలై 26, ఆగస్టు 17, సెప్టెంబర్ 24. ప్రతిసారీ ఐదు రోజులు. మిగతా టాక్ చాలావరకు ఈ చీటీ చుట్టూనే తిరిగింది.

మేడమ్ ఆ తేదీలు బోర్డు మీద రాసి, "రెండు పీరియడ్స్ మధ్య ఎన్ని రోజులో ఎట్లా లెక్కపెడతారు?" అని అడిగారు. ఎక్కువమంది "ఆగిన రోజు నుంచి మళ్ళీ వచ్చిన రోజు దాకా" అన్నారు. అలా లెక్కపెడితే జూలై 30న ఆగి, ఆగస్టు 17న వచ్చింది కాబట్టి 18 రోజులే. చూడగానే భయం వేస్తుంది. కానీ డాక్టర్లు లెక్కపెట్టేది బ్లీడింగ్ మొదలైన రోజు నుంచి మళ్ళీ మొదలైన రోజు దాకా. అలా చూస్తే ఆ అమ్మాయి సైకిల్స్ 42, 22, 38 రోజులు. మన సీఎస్ భాషలో చెప్పాలంటే కోడ్ కరెక్టే, స్టార్ట్ ఇండెక్స్ తప్పు.

మరి 42, 22, 38 నార్మలేనా? ఆ అమ్మాయికి మొదటి పీరియడ్ వచ్చి ఏడాదిన్నర అయింది. పీరియడ్స్ మొదలైన తొలి రెండు మూడేళ్ళలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. బ్లీడింగ్ ఏడు రోజుల లోపు ఆగిపోవాలి. ఆమె మూడు సైకిల్సూ ఈ హద్దుల్లోనే ఉన్నాయి. అక్కకి 28 రోజులకి వస్తుందని చెల్లికీ అలాగే రావాలని లేదు.

ఎందుకిలా మారుతుందో కూడా మేడమ్ చెప్పారు. మెదడు పంపే హార్మోన్ల సిగ్నల్‌తో అండాశయంలో అండం తయారై విడుదలవుతుంది. ఈలోగా ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పొరని నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు వారాలకి ప్రొజెస్టిరాన్ తగ్గి, పొర ఒకేసారి ఊడి బయటికొస్తుంది. అదే పీరియడ్. మొదటి ఏళ్ళలో మెదడుకీ అండాశయానికీ ఇంకా టైమింగ్ కుదరదు. కొన్ని నెలల్లో అండం విడుదలే కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ ఉండదు కాబట్టి, పొర ఎప్పుడు, ఎంత ఊడుతుందో చెప్పలేం. అందుకే ఒకసారి లేటు, ఒకసారి ముందు. ఎక్కువమందికి కొన్నేళ్ళలో ఇది దానంతట అదే సర్దుకుంటుంది.

అయితే "చిన్నపిల్లవి, అదే సర్దుకుంటుంది" అనే మాట అన్నిటికీ పనికిరాదు. ఒక్కసారైనా సరే, 90 రోజులు దాటినా పీరియడ్ రాకపోతే చూపించుకోవాలి. థైరాయిడ్, పీసీఓఎస్, బాగా బరువు తగ్గడం, గర్భం, ఇలా కారణం ఏదైనా కావచ్చు. 15 ఏళ్ళు నిండినా మొదటి పీరియడ్ రాకపోయినా అంతే. బ్లీడింగ్ లేకుండా నెల నెలా పొత్తికడుపులో నొప్పి మాత్రమే వస్తుంటే అస్సలు ఆగొద్దన్నారు. లోపల రక్తం తయారవుతూ బయటికి దారి లేక నిలిచిపోయి ఉండొచ్చు.

తర్వాత ఎక్కువ బ్లీడింగ్ సంగతి. మామూలుగా ఒక పీరియడ్‌లో మొత్తం పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. కానీ ఎవరూ కొలవలేరు కదా! ప్యాడ్లు లెక్కపెడదామంటే, రోజుకి మూడు నుంచి ఆరు మామూలు. హాస్టల్‌లో ఆ లెక్క కూడా మోసం చేస్తుంది. ప్యాడ్లు తక్కువున్న అమ్మాయి ఎంత తడిసినా రెండిటితోనే సర్దుకుంటుంది. అందుకే "ఎన్ని వాడావ్?" అని కాదు, "ఎంతసేపట్లో పూర్తిగా తడిసింది?" అని అడగాలన్నారు మేడమ్. గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుంటే, పది రూపాయల బిళ్ళంత గడ్డలు పడుతుంటే, రాత్రి మార్చుకోవడానికి లేవాల్సి వస్తే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే, అది "నాకింతే" అని వదిలేసేది కాదు. మొదటి పీరియడ్ నుంచే ఇలా ఉండి, చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి కూడా తరచూ రక్తం వస్తుంటే, రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉండొచ్చు. ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఇలా నెల నెలా ఎక్కువ పోతే ఒంట్లో ఐరన్ నిల్వ ఖాళీ అవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, ప్రేయర్‌లో కళ్ళు తిరగడం మొదలవుతాయి. ఈ వయసు అమ్మాయిలకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత. స్కూల్లో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అన్నం తిన్నాక వేసుకోవాలి, దాంతో టీ తాగకూడదు. మలం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ అది రక్తహీనత రాకుండా ఇచ్చే డోసు. ఇప్పటికే రక్తం బాగా తగ్గిన వాళ్ళకి వారానికో మాత్ర చాలదు, డాక్టర్ వేరే డోసు రాస్తారు. ఏజెన్సీలో ఇంకో విషయం కూడా ఉంది. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువ. దానికోసమే 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలైంది. కాబట్టి నీరసం, కామెర్లు, ఎముకల నొప్పులు ఉంటే పీరియడ్స్ వల్లే అనుకోకుండా ఆ రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి.

నొప్పి గురించి చీటీలు ఎక్కువే వచ్చాయి. గర్భాశయం పొరని బయటికి నెట్టడానికి బిగుసుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు దాన్ని బిగిస్తాయి. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి. వేడినీళ్ళ బ్యాగ్ పెట్టుకోవచ్చు. నర్సునో డాక్టర్నో అడిగి, తిన్నాక ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకోవచ్చు. అది ఆ రసాయనాలు తయారవకుండానే ఆపుతుంది కాబట్టి నొప్పి ముదిరాక కన్నా మొదట్లోనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది. మాత్ర వేసుకున్నా ప్రతి నెలా క్లాసులు పోతుంటే, నెల నెలకీ నొప్పి పెరుగుతుంటే పరీక్ష చేయించుకోవాలి.

చివర్లో ఒకమ్మాయి లేచి, "డాక్టర్ దగ్గరికి పోతే ఏం చెప్పాలె మేడమ్? సిగ్గయితది" అంది. మేడమ్ ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయించారు. మొదలైన తేదీ, ఆగిన తేదీ, బాగా ఎక్కువైన రోజు ప్యాడ్ ఎంతసేపట్లో తడిసింది, నొప్పి వల్ల స్కూల్ పోయిందా లేదా. మూడు నెలలు రాస్తే చాలు, పీహెచ్‌సీలో ఆ కాగితం ఇచ్చేయొచ్చు. ఆశా అక్కనో ఏఎన్ఎం అక్కనో తోడు తీసుకెళ్ళొచ్చు. అయితే గంటకో ప్యాడ్ నిండుతూ కళ్ళు తిరిగి పడిపోతుంటే మాత్రం కాగితం, మూడు నెలలు ఏమీ లేవు. వెంటనే వార్డెన్‌ని లేపి 108కి ఫోన్ చేయించడమే.